కాలవవాడ పక్కన చుక్క

పాత రికార్డుల కార్యాలయంలో చదువరుల గదిని చూసుకునే ఆవిడకు కుదరదమ్మ అని పేరు పడిపోయింది. పెట్టింది అక్కడికి చదువుకోవడానికి వచ్చేవాళ్లే. సంచీ లోపలికి తెస్తే కుదరదు, పెన్ను తీస్తే కుదరదు, పేజీ తిప్పడానికి వేలు నాలుక మీదికి వెళ్లిందా, అసలే కుదరదు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డప్పుడు కళ్లజోడు సర్దుకుని, కుదరదని చెప్పేవాళ్లు ఒక్కరైనా లేకపోతే ఈ కాగితాలు ఇన్నేళ్లు బతికేవా అని మాత్రం అంది.

టైపిస్టుగా చేరిన కొత్తలో ఆ భవనంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండేది కాదు. వానొచ్చినా ఎండొచ్చినా రోడ్డు దాటి పక్క ఆఫీసుకు పోవాలి. అర్జీలు పెట్టింది, ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు టైపు మిషను, కుర్చీ మోయించుకుని అప్పటి డైరెక్టరు గది ముందున్న వరండాలో మకాం పెట్టింది. ఎందుకమ్మా ఇక్కడ అని అడిగితే, ఈ భవనంలో గడియ పడే మరుగుదొడ్డి తలుపు మీ గదిలోనే ఉందట, దగ్గరగా ఉంటే పని చెడదని, అని చెప్పింది. వానాకాలం రాకముందే మేడ మీద మెట్ల పక్కన కొత్త గది కట్టారు. తర్వాత చేరిన ఆడవాళ్లకు అదెలా వచ్చిందో తెలియదు. ఆవిడా చెప్పుకోలేదు.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. అత్తగారు మాత్రం నూలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. మిల్లు మోతలో బతికింది కాబట్టి ఇంట్లో మామూలు మాట కూడా వీధి చివరికి వినపడేలా మాట్లాడుతుంది. ఆమె పుట్టి పెరిగింది ఊరి కాలవ పక్కనున్న కార్మికుల ఇళ్లలో. దాన్ని కాలవవాడ అంటారు. అక్కడి పిల్లలను బడిలో వెనక బెంచీకి తోసేవాళ్లట. ఎప్పుడో తాతల నాడు ఊరంతా జ్వరంతో అల్లాడితే, ఆ జ్వరం కాలవవాడ మురికిలో పుట్టి ఊరి మీద పడిందని పుస్తకాల్లోనే రాసేశారు మరి. ఆ మాట ఎత్తితే అత్తగారు ఇప్పటికీ కంచం ముందు నుంచి లేచిపోతుంది.

అలాంటిది, ఒక ఉదయం చదువరుల గది మెయిల్‌కు ఆ జ్వరం గురించే ఒక ఉత్తరం వచ్చింది. రాసింది వేరే ఊరి కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరమ్మ. ఉత్తరం ముక్కుసూటిగా ఉంది. ఏ సంపుటం, ఏ పేజీ, మీ వెబ్‌సైట్‌లో ఏ నంబరు బొమ్మ అన్నీ ముందే రాసింది. ఆనాటి ఆరోగ్యాధికారి నివేదికలో మడతపెట్టి కుట్టిన పెద్ద పట్టిక అది, జ్వర మరణాలు వాడల వారీగా, నెలల వారీగా.

"మీరు ఆన్‌లైన్‌లో పెట్టిన బొమ్మలో మూడు అంకె ఏదో, ఎనిమిది అంకె ఏదో తేలడం లేదు. ఏ వరసకు ఆ వరస కూడితే కింద మొత్తంతో కలవడం లేదు. కాలవవాడ అనే పేరు పక్కన చిన్న చుక్కలాంటిది ఉంది. అది మరకా, నక్షత్రం గుర్తా చెప్పలేకపోతున్నాను. నక్షత్రమే అయితే పట్టిక అడుగున దానికి వివరణ ఉండాలి. మీ బొమ్మలో అడుగు భాగం మడత నీడలో నల్లగా ఉంది. దయచేసి అసలు కాగితం నుంచి ఎక్కువ రిజల్యూషన్‌లో, రంగుల్లో, అడుగు అంచు దాకా స్కాన్ చేసి ఇప్పించగలరా?" అని రాసింది.

కుదరదమ్మ ఆ బొమ్మ తెరిచి చూసింది. పెద్దది చేసి చూసింది. పెద్దది చేసేకొద్దీ అంకెలు నల్ల బెల్లం ముద్దల్లా అయ్యాయి తప్ప విడలేదు. కాలవవాడ దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. చుక్క ఉంది. ఏ చుక్కో తెలియదు.

ముందు చేయవలసిన పని ముందు చేసింది. వెబ్‌సైట్‌లో పెట్టేది తేలికపాటి ప్రతి. దాని వెనక పెద్ద ప్రతి ఒకటి సర్వరులో భద్రంగా ఉండాలి. స్కానింగ్ గదిలో పనిచేసే తమ్ముడిని అడిగి దాన్ని తీయించింది. సొంత తమ్ముడు కాదు, అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అదీ ఇలాగే ఉంది. అది కాగితం నుంచి తీసింది కానే కాదు. ఎప్పుడో పాత రోజుల్లో మొత్తం సంపుటాన్ని మైక్రోఫిల్మ్ మీద ఫోటోలు తీశారు. ఈ మధ్య ఆ ఫిల్మ్‌నే యంత్రంలో పెట్టి, బూడిద రంగులు కూడా లేకుండా వట్టి నలుపు తెలుపుల్లో స్కాన్ చేశారు. అంత పెద్ద పట్టికను ఒక్క ఫోటోలో ఇరికించారు. ఫిల్మ్ మీదే లేని వివరం స్కాన్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది?

"అసలు సంపుటం తీయాల్సిందే అక్కా," అన్నాడు తమ్ముడు. "కానీ దానికి ఎర్ర చీటీ ఉంది. బయటికి ఇవ్వకూడదని."

ఆ చీటీ సంగతి తేల్చవలసింది మరమ్మతు గది పెద్దాయన. చిరిగిన కాగితాలు అతికిస్తాడు గనక జిగురు మాస్టారని పిలుస్తారు. ఆవిడ వెళ్లి అడిగితే, సంపుటం తెప్పించి, మడత దగ్గర పళ్లతో కొరికినట్టు పగిలిన కాగితాన్ని వేలితో తాకకుండానే చూశాడు. ఇలాగే విప్పితే ముక్కలవుతుందని, కొంచెం తేమ పట్టించి మెత్తబరిచి, వెనక పల్చటి కాగితం అతికిస్తే మాత్రం ధైర్యంగా పరచవచ్చని చెప్పాడు. పై నుంచి అనుమతి కాగితం తెచ్చుకోమన్నాడు.

పై నుంచి అంటే డైరెక్టరు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఉన్న ఖాళీల్లో సగం భర్తీ కాని ఆఫీసును నెట్టుకొస్తున్నాడు. రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేశామని పై ఆఫీసుకు నివేదిక పంపి, పేపర్లో ఫోటో వేయించుకున్నాడు. ఇప్పుడు ఒక బొమ్మ చదవరాకుండా ఉందని ఒప్పుకుంటే, రేపు ఇలాంటివి ఎన్ని వస్తాయో ఆయనకు బాగా తెలుసు. ఆవిడ చెప్పింది అంతా విని, ఇంతకంటే స్పష్టమైన ప్రతి మా దగ్గర లేదని రాసేయమన్నాడు.

లేకపోవడమేంటి సార్, అల్మరాలో ఉంది కదా అని ఆవిడ అంది. ఆయన తమ్ముడిని పిలిపించి, ఈ మధ్య బొమ్మల్ని పెద్దవి చేసి మెరుగుపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయట కదా, అందులో వేసి నాలుగింతలు చేసి పంపెయ్, వాళ్లకు కావలసింది రిజల్యూషనే కదా అన్నాడు.

తమ్ముడు ఆ పని చేశాడు. చేసి, ఆవిడను పిలిచి చూపించాడు. అంకెలు అద్దంలా వచ్చాయి. కాలవవాడ వరసలో ఒక ముద్ద చక్కటి మూడుగా మారింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మూడయితే చావులు తక్కువ. అత్తగారికి చెప్పవచ్చు.

కానీ ఆ వెంటనే ఏదో గుచ్చుకుంది. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా వెయ్యి తమ్ముడూ అంది. అతను వేశాడు. అదే ముద్ద ఈసారి చక్కటి ఎనిమిదయింది.

యంత్రం కాగితాన్ని చూడలేదు. ముద్దను చూసి, ఇది ఇలా ఉంటే బాగుంటుందని తోచింది గీసింది. తనకు నచ్చిన అంకె వచ్చినప్పుడు ఒక్క క్షణం నమ్మేసినందుకు ఆవిడకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ రెండు బొమ్మలూ ప్రింటు తీయించి తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లింది.

"ఇది పంపడం కుదరదు సార్," అని రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "ఒకే చోట ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో ఎనిమిది. మన ముద్ర వేసి పంపితే రేపు పుస్తకంలోకి ఎక్కుతుంది."

ఆయన చూశాడు. చిరాకు పడ్డాడు. మీరు కాలవవాడ కోడలని నాకు తెలుసు, మీకు దీని మీద సొంత ఆసక్తి ఉంది అన్నాడు.

"ఉంది సార్. అందుకే అంకెలు నేను చెప్పను అంటున్నా. కాగితాన్ని చెప్పనివ్వండి."

పై అధికారులు చేసే పనే ఆయనా చేశాడు. చెప్పింది చేయమ్మా అన్నాడు. అయితే ఆ మాటే రాసి సంతకం పెట్టి ఇవ్వండి, రాతపూర్వకంగా ఇస్తే అలాగే పంపుతాను అని ఆవిడ నిలబడింది. ఆయన ఫైలు తెరుచుకుని తల వంచుకున్నాడు. సంతకం పెట్టలేదు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో ఈ సంగతి చెప్పింది. భర్త అన్నం కలుపుతూ ఆగి, నీకెందుకు, రిటైరయ్యేదాకా ప్రశాంతంగా ఉండొచ్చు కదా అన్నాడు. అత్తగారు పక్క గదిలోంచే అందుకుంది. నెమ్మదిగా ఉండమని ఆ పిల్లకి చెప్పడం ఎందుకు, బస్సుకు హారను తీసేసి నడపమంటే నువ్వు నడుపుతావా అని కొడుకును అడిగింది. తర్వాత వచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది.

"ఎనిమిదే వస్తే?" అని అడిగింది.

"ఎనిమిదే అని చెప్తాను అత్తయ్యా."

"చెప్పు మరి. ఇన్నాళ్లూ చూడకుండానే తిట్టారు. చూసి తిడితే అదో లెక్క," అంది అత్తగారు.

మర్నాడు ఆవిడ ఆఫీసుకు వెళ్లి, లెక్చరరమ్మకు జవాబు తానే రాసింది. చాటుగా రాయలేదు. డైరెక్టరుకూ ఒక ప్రతి వెళ్లేలా పెట్టింది. ఆన్‌లైన్ బొమ్మ పాత మైక్రోఫిల్మ్ నుంచి తీసిందని, దానికంటే మెరుగైన స్కాన్ ఇప్పటికి ఏదీ లేదని, అసలు కాగితం మాత్రం భద్రంగా ఉందని, మడత బలహీనంగా ఉండటంవల్ల మరమ్మతు చేశాకే తెరవగలమని రాసింది. నకలు చదవరాకుండా ఉన్నప్పుడు అసలు ప్రతి చూడటానికి గానీ, దాని నుంచి నకలు తీయించుకోవడానికి గానీ దరఖాస్తు చేయవచ్చని చదువరుల గది నియమాల్లోనే ఉందని, కాదంటే కారణం రాసి ఇవ్వాలని కూడా ఉందని తెలియజేసింది. ఆ నియమాలు గదిలో గోడకు అద్దం బిగించి ఉన్నాయి. ఎవరూ చదవరు గాని, ఆవిడ రోజూ దుమ్ము తుడుస్తుంది.

మధ్యాహ్నానికల్లా డైరెక్టరు పిలిపించాడు. ఎవరిని అడిగి రాశారని అడిగాడు. చదువరుల ఉత్తరాలకు జవాబివ్వడం తన పనేనని, అందులో ఒక్క అబద్ధం చూపిస్తే వెనక్కి తీసుకుంటానని ఆవిడ చెప్పింది. మెమో ఇస్తానన్నాడు. ఇవ్వండి, దానికీ జవాబు రాస్తానంది. ఆయన అన్నంత పనీ చేశాడు. మెమో వచ్చింది. పై అధికారి సూచనను ఖాతరు చేయలేదని అందులో ఉంది. ఆ సూచన ఏమిటో మాత్రం అందులో లేదు. ఆవిడ జవాబులో ఒకే ఒక ప్రశ్న అడిగింది. నేను ఖాతరు చేయని ఆ సూచన ఏమిటో దయచేసి తెలియజేయగలరు, అని.

ఈలోగా లెక్చరరమ్మ దరఖాస్తు పద్ధతి ప్రకారం వచ్చింది. ఇప్పుడు డైరెక్టరుకు రెండే దారులు మిగిలాయి. ఒప్పుకోవాలి, లేదా కాదని కారణం రాసి సంతకం పెట్టాలి. కాగితం పాడవుతుందని రాయడానికి జిగురు మాస్టారిని అభిప్రాయం అడిగాడు. మరమ్మతు చేశాక ఒకసారి విప్పి స్కాన్ చేస్తే, మళ్లీ మళ్లీ విప్పే అవసరమే ఉండదని, అదే కాగితానికి మేలని మాస్టారు రాసిచ్చాడు. చివరికి అనుమతి కాగితం మీద డైరెక్టరు సంతకం పడింది. సంతకం కింద తేదీ కూడా వేయలేదు, అంత విసుగుగా పెట్టాడు.

మరమ్మతు తీరుబడిగా సాగింది. జిగురు మాస్టారు తొందరపడే మనిషి కాదు. మెత్తబడిన కాగితాన్ని బరువుల కింద ఆరబెట్టి, పగుళ్ల వెనక గంజి జిగురుతో పల్చటి కాగితం వేసి, అప్పుడు కబురు పెట్టాడు. పట్టిక స్కానరు అద్దం మీద పట్టేది కాదు. అందుకని పైన కెమెరా బిగించిన బల్ల మీద పరిచారు. పక్కన కొలబద్ద, రంగులు సరిచూసే చీటీ పెట్టారు. ఒక్క ఫోటోలో ఇరికించకుండా, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా ముక్కలు ముక్కలుగా తీశాడు తమ్ముడు. అంకెల వరసలు వంకరపోకుండా ప్రతి ముక్కకూ దీపాలు సరిచూసుకున్నాడు.

కాలవవాడ ఉన్న ముక్క తెర మీదికి వచ్చింది. కాగితం తేనె రంగులో ఉంది, అచ్చు నల్లగా ఉంది. తమ్ముడు ముద్దగా కనిపించిన అంకె దగ్గరికి జరిపాడు.

ఎనిమిది. నడుం దగ్గర సన్నగా, రెండు సున్నాలూ మూసుకుని, అనుమానం లేని ఎనిమిది. దాని పక్క నెలలో ఉన్నదీ ఎనిమిదే. తమ్ముడు ఆవిడ మొహం వంక చూడటానికి మొహమాటపడ్డాడు.

"చుక్క చూపించు," అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది.

అది చుక్క కాదు. ఆరు రెక్కల నక్షత్రం. తమ్ముడు అడుగు అంచు ముక్క తెరిచాడు. పాత బొమ్మలో నల్లటి నీడ ఉన్న చోట, చీమ తలకాయలంత అక్షరాల్లో రెండు వరుసలున్నాయి. ఊరి తాత్కాలిక జ్వర ఆసుపత్రి షెడ్డు కాలవవాడలో ఉన్నందున, ఏ వాడ నుంచి తెచ్చిన రోగి అయినా అక్కడ మరణిస్తే ఈ వాడ లెక్కలోనే చేర్చబడినది. బయటి వాడలవారు వీరిలో, అని మొదలైన రెండో వరుస సగంలో ఆగిపోయింది. మిగతా ముక్క చిరిగిపోయి ఎప్పుడో పోయింది.

జిగురు మాస్టారు కళ్లద్దాలు పైకి తోసుకుని ఇంకోసారి చదివాడు. ఊరి జనమంతా వచ్చి ఆ షెడ్డులో చచ్చిపోతే, చావులన్నీ ఆ వాడవాళ్ల నెత్తిన రాశారన్నమాట అన్నాడు. ఎంతమందిని రాశారో మాత్రం ఇక ఎవరికీ తెలియదని ఆవిడ అంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ దిగమింగి, ఫైలు పేరు సరిగ్గా పెట్టు తమ్ముడూ, సంపుటం నంబరు మర్చిపోకు అంది.

పెద్ద ఫైళ్లు లెక్చరరమ్మకు వెళ్లాయి. ఆమె ఫోన్ చేసింది. కూడికలు ఇప్పుడు ఒక్కచోట తప్ప అన్నిచోట్లా కలిశాయని, ఆ ఒక్కటీ ఆనాడు అచ్చువేసినవాళ్ల తప్పేనని చెప్పింది. కాలవవాడలో జ్వరం లేదని మాత్రం తాను రాయలేనని, అక్కడ పుట్టిందని ఈ పట్టిక చూపించి ఇకమీదట ఎవరూ రాయలేరని అంది. అంతే రాయండి, అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ వద్దని కుదరదమ్మ చెప్పింది.

కొత్త బొమ్మ వెబ్‌సైట్‌లో పాతదాని స్థానంలోకి వచ్చింది. డైరెక్టరు మాత్రం మరిచిపోలేదు. మెమో మీద ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు గానీ, నెల తిరక్కుండా ఆవిడను చదువరుల గది నుంచి నేలమాళిగలోని అల్మరాల పనికి మార్చాడు. అక్కడ కిటికీ లేదు. ఆవిడ బదిలీ కాగితం అందుకుని, అసలు ప్రతి కోసం దరఖాస్తు ఎలా చేయాలో వివరిస్తూ ఒక నమూనా తయారుచేసి, తన కుర్చీలోకి వచ్చినావిడ చేతిలో పెట్టింది. ఎవరైనా అడిగితే ఇవ్వు, అడగకపోయినా చెప్పు అంది. ఆ తర్వాత చదవరాని బొమ్మల గురించి దరఖాస్తులు వస్తూనే ఉన్నాయి. సంపుటాలు అల్మరాల్లోంచి తీసి మేడ మీదికి పంపవలసింది ఆవిడే. ప్రతిసారీ తానే మోసుకెళ్లి ఇచ్చేది.

ఒకరోజు అత్తగారు తయారై కూర్చుంది. నేనూ చూస్తాను, నన్ను తీసుకెళ్లు అంది. కంప్యూటర్లో చూడొచ్చు అత్తయ్యా అంటే, నాకు బొమ్మ వద్దు, కాగితం కావాలి అంది. అనుకున్నట్టే వెళ్లి, అందరిలాగే పేరు రాసి, సంతకం పెట్టి, చదువరుల గదిలో కూర్చుంది. జిగురు మాస్టారు స్వయంగా పట్టిక తెచ్చి పరిచాడు. ఆమె భూతద్దం పట్టుకుని ముందు ఎనిమిదులు చూసింది. తర్వాత అడుగు వరుస, ప్రతి అక్షరం పెదాలు కదుపుతూ చదివింది. చిరిగిన చోట ఆగింది.

అదే సమయానికి డైరెక్టరు అటుగా వచ్చాడు. గదిలో తలెత్తిన వాళ్లందరూ మళ్లీ తల దించుకున్నారు. అత్తగారు దించుకోలేదు.

"ఇలా రా బాబూ," అంది, మిల్లు గొంతుతో. "మా వాడ గురించి ఏదో రాసుంది. నువ్వూ ఒకసారి చదువు."

ఆమె ఎవరో ఆయనకు తెలియదు. పక్కనే నేలమాళిగ దుమ్ము చీరతో నిలబడిన కుదరదమ్మను చూశాక తెలిసింది. వెళ్లిపోదామని ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. అత్తగారు భూతద్దం చాచిన చెయ్యి దించలేదు. ఆయన వచ్చాడు, వంగాడు, చదివాడు. చదివాక, అవునండీ, ఇలాగే ఉంది అన్నాడు.

అత్తగారు తలాడించింది. భూతద్దం వెనక్కి తీసుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, పక్క వాడల లెక్కలు చూడటం మొదలుపెట్టింది.